కోట్ గుర్తుల మధ్య ఉన్న కామాలను కాపాడుతూ లైనును విడగొట్టడం

కామాలతో వేరుచేసిన పాఠాన్ని ఫీల్డులుగా విడగొట్టేటప్పుడు, కోట్ గుర్తుల మధ్య ఉన్న కామాను విభజన గుర్తుగా కాక సమాచారంలో భాగంగా తీసుకోవడం సీఎస్‌వీ ఫైళ్లను చదవడంలో ప్రధానమైన పని. సీఎస్‌వీ ఫైలులో ఒక్కో రికార్డు సాధారణంగా ఒక్కో లైనులో ఉంటుంది. రికార్డులోని ఫీల్డులను కామాలు వేరుచేస్తాయి. అయితే చిరునామాల్లో, ఇంటిపేరు ముందో వెనకో రాసే పేర్లలో, 1,25,000 వంటి అంకెల్లో కామాలు సహజంగానే ఉంటాయి. అలాంటి ఫీల్డుకు రెండు వైపులా కోట్ గుర్తు (`"`) పెడతారు. అప్పుడు లైనులో కనిపించే కామా విభజన గుర్తా, సమాచారమా అన్నది ఆ కామాను మాత్రమే చూసి చెప్పలేం. దానికి ఎడమవైపున ఏం జరిగిందో తెలియాలి.

అందువల్ల ఇది కామా ఉన్న ప్రతిచోటా కత్తిరిస్తే తీరే పని కాదు. లైనును ఎడమ నుంచి కుడికి ఒక్కో అక్షరం చదువుతూ, ప్రస్తుతం కోట్ లోపల ఉన్నామా బయట ఉన్నామా అన్నది గుర్తుపెట్టుకోవాలి. గుర్తుంచుకోవలసింది అంత కొంచెమే అయినా, అది తప్పితే ఆ లైనులోని మిగతా ఫీల్డులన్నీ, కొన్నిసార్లు ఫైలులోని మిగతా రికార్డులన్నీ చెదిరిపోతాయి.

## నియమాల పుట్టుక

విలువలను కామాలతో వేరుచేసి కంప్యూటరుకు ఇచ్చే అలవాటు సీఎస్‌వీ అనే పేరు కంటే పాతది. 1972 నాటి ఐబీఎం ఫోర్ట్రాన్ కంపైలరు ఇలాంటి ఇన్‌పుట్‌ను అంగీకరించేది. 1983 నాటికి సీఎస్‌వీ అన్న పేరు వాడుకలోకి వచ్చింది. ఆ కాలపు ఆస్బోర్న్ ఎగ్జిక్యూటివ్ కంప్యూటరుతో సూపర్‌కాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాం వచ్చేది. కామా ఉన్న పాఠాన్ని కోట్ గుర్తుల మధ్య రాయాలన్న నియమం ఆ యంత్రం మాన్యువల్‌లో ఉంది. పాఠంలోనే కోట్ గుర్తు ఉంటే ఏం చేయాలో మాత్రం అందులో లేదు. ఆ ఖాళీని ఒక్కో ప్రోగ్రాం ఒక్కో విధంగా పూరించుకుంది.

అప్పటికే వాడుకలో ఉన్న పద్ధతులను ఒకచోట చేర్చి 2005 అక్టోబరులో యాకొవ్ షఫ్రానోవిచ్ ఆర్‌ఎఫ్‌సీ 4180 అనే పత్రాన్ని వెలువరించారు. అది తప్పనిసరి ప్రమాణం కాదు, సమాచారం కోసం ఇచ్చిన పత్రం. అయినా నేటి లైబ్రరీల్లో చాలావరకు దాన్నే ఆధారంగా తీసుకుంటాయి. ఈ విషయానికి సంబంధించి అందులో నాలుగు నియమాలు ముఖ్యమైనవి. మొదటిది, ఏ ఫీల్డుకైనా కోట్ గుర్తులు పెట్టవచ్చు, పెట్టకపోవచ్చు. కానీ కోట్ లేని ఫీల్డు మధ్యలో కోట్ గుర్తు రాకూడదు. రెండోది, కామా, కోట్ గుర్తు, కొత్త లైను గుర్తు ఉన్న ఫీల్డును కోట్ గుర్తుల మధ్య రాయాలి. మూడోది, కోట్ గుర్తుల మధ్య మళ్లీ కోట్ గుర్తు రావలసి వస్తే దాన్ని రెండుసార్లు రాయాలి. నాలుగోది, కామా పక్కన ఉన్న ఖాళీ జాగా కూడా ఫీల్డులో భాగమే, దాన్ని తీసేయకూడదు.

## నాలుగు స్థితులు

ఈ నియమాలను పాటిస్తూ లైనును చదివే ప్రోగ్రాం ఎప్పుడైనా నాలుగు స్థితుల్లో ఏదో ఒకదానిలో ఉంటుంది. ఫీల్డు ఇంకా మొదలుకాని చోట అది ‘మొదలు’ స్థితిలో ఉంటుంది. కోట్ లేని ఫీల్డును చదువుతుంటే ‘మామూలు’ స్థితి. తెరిచిన కోట్ ఇంకా మూయకపోతే ‘లోపల’ స్థితి. నాలుగోది ‘అనుమానం’. కోట్ లోపల చదువుతుండగా మరో కోట్ గుర్తు ఎదురైన క్షణాన ఈ స్థితి వస్తుంది. ఆ గుర్తు ఫీల్డును మూసేదా, లేక రెండుసార్లు రాసిన కోట్‌లో మొదటిదా అన్నది తర్వాతి అక్షరం చూస్తే గాని తేలదు.

తేల్చే పద్ధతి ఇది. అనుమానంలో ఉండగా వచ్చిన అక్షరం కామా అయితే ఫీల్డు పూర్తయినట్టే. మరో కోట్ గుర్తు అయితే, పాఠంలో ఒక కోట్ గుర్తును చేర్చి మళ్లీ లోపలికి వెళ్లాలి. లైను ముగిసిపోతే అదే చివరి ఫీల్డు. ఈ మూడూ కాకుండా వేరే అక్షరం వస్తే లైను నియమం తప్పినట్టు. పైథాన్‌లో ఈ పద్ధతి ఇలా ఉంటుంది:

```python
def split_line(s):
    fields, buf, state = [], [], "మొదలు"
    for c in s:
        if state == "లోపల":
            if c == '"':
                state = "అనుమానం"
            else:
                buf.append(c)
        elif c == ',':
            fields.append("".join(buf))
            buf, state = [], "మొదలు"
        elif c == '"' and state == "మొదలు":
            state = "లోపల"
        elif c == '"' and state == "అనుమానం":
            buf.append(c)
            state = "లోపల"
        elif c == '"' or state == "అనుమానం":
            raise ValueError("నియమం తప్పిన కోట్")
        else:
            buf.append(c)
            state = "మామూలు"
    if state == "లోపల":
        raise ValueError("మూయని కోట్")
    fields.append("".join(buf))
    return fields
```

ఈ ప్రోగ్రాంలో చివరి రెండు లైన్ల ముందున్న పరీక్షతో పాటు, ఆఖరి ఫీల్డును చేర్చే లైను కూడా మరచిపోకూడనిది. ఫీల్డు పూర్తయిందని కామా చెబుతుంది. చివరి ఫీల్డు తర్వాత కామా ఉండదు. ఆ లైను రాయకపోతే ప్రతి రికార్డులోనూ ఆఖరి ఫీల్డు మాయమవుతుంది. విభజన గుర్తులుగా పనిచేసిన కామాలు ఎన్ని ఉంటే, ఫీల్డులు అంతకు ఒకటి ఎక్కువ.

## ఒక లైను ఆసాంతం

ఇంటి పన్ను వివరాలున్న ఈ లైనును ఉదాహరణగా తీసుకోవచ్చు:

```
101,"గాజువాక, విశాఖపట్నం","1,25,000","ఇంటి పేరు ""శ్రీనిలయం""",
```

ఇందులో మొత్తం ఏడు కామాలున్నాయి. పైథాన్‌లో `split(',')` వంటి ఆదేశంతో కత్తిరిస్తే ఎనిమిది ముక్కలు వస్తాయి. నిజానికి ఉన్నవి ఐదు ఫీల్డులే.

మొదటి అక్షరం `1`. అది కోట్ కాదు కనుక చదివే ప్రోగ్రాం మామూలు స్థితిలోకి వెళ్లి, కామా వచ్చేదాకా చదివి `101` అన్న ఫీల్డును పూర్తిచేస్తుంది. మళ్లీ మొదలు స్థితి. వెంటనే కోట్ గుర్తు వస్తుంది, కనుక లోపలికి వెళ్తుంది. గాజువాక తర్వాతి కామా లోపల స్థితిలో ఎదురవుతుంది. అక్కడ కోట్ గుర్తుకు తప్ప ఏ అక్షరానికీ ప్రత్యేకత లేదు కాబట్టి అది పాఠంలో చేరిపోతుంది. విశాఖపట్నం తర్వాత కోట్ వచ్చి అనుమానం పుడుతుంది, ఆ వెంటనే కామా వచ్చి అనుమానం తీరుతుంది. మూడో ఫీల్డు కూడా ఇలాగే సాగి `1,25,000` అన్నది చెదరకుండా అందుతుంది.

నాలుగో ఫీల్డు అసలు పరీక్ష. ‘ఇంటి పేరు’ అన్న మాటల తర్వాత రెండు కోట్ గుర్తులు వరుసగా ఉన్నాయి. మొదటిది అనుమానాన్ని తెస్తుంది, రెండోది దాన్ని తీర్చి పాఠంలో ఒక కోట్ గుర్తుగా నిలుస్తుంది. ‘శ్రీనిలయం’ తర్వాత మూడు కోట్ గుర్తులు వరుసగా వస్తాయి. వాటిలో మొదటి రెండూ కలిసి పాఠంలోని ముగింపు కోట్ అవుతాయి. మూడోది మళ్లీ అనుమానం తెస్తుంది, తర్వాతి కామా అది ఫీల్డును మూసే కోట్ అని తేలుస్తుంది. అందిన ఫీల్డు: `ఇంటి పేరు "శ్రీనిలయం"`. ఆ కామా తర్వాత లైను ముగిసింది. అప్పుడు ప్రోగ్రాం మొదలు స్థితిలో ఉంది కనుక ఐదో ఫీల్డు ఖాళీగా ఉన్నట్టు లెక్క. చివర కామా ఉన్న లైనుకు ఖాళీ ఫీల్డును వదిలేస్తే పట్టికలో ఒక నిలువు వరుస తగ్గిపోతుంది.

## సరి, బేసి

కోట్ గుర్తును రెండుసార్లు రాయాలన్న నియమం వల్ల ఒక ముఖ్యమైన సౌలభ్యం కలుగుతుంది. నియమబద్ధమైన లైనులో ఏదైనా ఒక కామాకు ఎడమవైపున ఉన్న కోట్ గుర్తులను లెక్కపెడితే, ఆ సంఖ్య సరి అయితే కామా విభజన గుర్తు, బేసి అయితే సమాచారం. తెరిచే కోట్ లెక్కను బేసి చేస్తుంది, మూసేది సరి చేస్తుంది. పాఠంలోని కోట్ రెండుసార్లు వస్తుంది కాబట్టి అది లెక్కను మార్చి వెంటనే యథాస్థితికి తెస్తుంది. పై ఉదాహరణలో గాజువాక తర్వాతి కామాకు ఎడమవైపు ఒక్క కోట్ ఉంది, అది బేసి. చివరి కామాకు ఎడమవైపు పది ఉన్నాయి, అది సరి. విభజన చోట్లు తెలుసుకోవడానికి జంట కోట్‌ను జంటగా గుర్తించనక్కర లేదు. ముక్కలు దొరికాక బయటి కోట్లు తీసేసి, లోపలి జంటలను ఒక్కటిగా మార్చుకుంటే సరిపోతుంది.

చాలామంది ప్రోగ్రామర్లు వాడే ఈ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఆ సూత్రం మీదే నిలబడింది:

```
,(?=(?:[^"]*"[^"]*")*[^"]*$)
```

దీని అర్థం: కుడివైపున లైను చివరిదాకా కోట్ గుర్తులు సరి సంఖ్యలో ఉన్న కామా దగ్గర విడగొట్టాలి. ఇక్కడ లెక్క ఎడమవైపు కాక కుడివైపున జరుగుతుంది. లైను మొత్తంలో కోట్లు సరి సంఖ్యలో ఉంటే రెండు లెక్కలూ ఒకే జవాబు ఇస్తాయి. మొత్తం బేసి అయితే ప్రతి కామా దగ్గరా రెండూ విభేదిస్తాయి. ఈ పద్ధతికి రెండు పరిమితులున్నాయి. ఒకటి, ప్రతి కామా దగ్గరా లైను చివరిదాకా మళ్లీ చదవాలి. లైను పొడవు రెట్టింపైతే పని సుమారు నాలుగు రెట్లవుతుంది. రెండోది, లైను నియమం తప్పిందని ఇది ఎప్పటికీ చెప్పదు. ఏదో ఒక జవాబు ఇచ్చి ఊరుకుంటుంది.

ఇదే సూత్రాన్ని వేగానికి కూడా వాడుకుంటారు. జెఫ్ లాంగ్‌డేల్, డేనియల్ లెమైర్ 2019లో జేసాన్ పాఠాన్ని చదవడానికి ఇచ్చిన పద్ధతిలో 64 బైట్లను ఒక్కసారిగా పరిశీలించి, కోట్ ఉన్న చోట 1, లేని చోట 0 ఉండే 64 బిట్ల సంఖ్యను తయారుచేస్తారు. ప్రతి బిట్ దగ్గరా అంతవరకు వచ్చిన ఒకట్లు సరా బేసా అన్నది ప్రాసెసర్‌లోని ఒక ప్రత్యేక గుణకార ఆదేశంతో ఒక్కసారే తేలుతుంది. కామాల కోసం కూడా అలాంటి సంఖ్యనే తయారుచేసి, లోపల ఉన్న కామాలను తీసేస్తే విభజన చోట్లు మిగులుతాయి. ఈ ఉపాయం సీఎస్‌వీకి కూడా నేరుగా సరిపోతుంది.

పెద్ద ఫైలును ముక్కలు చేసి పలు ప్రాసెసర్లకు పంచాలన్నా ఇదే లెక్క అవసరం. ముక్క మధ్యలో `","` అన్న మూడు గుర్తులు కనిపిస్తే, అది రెండు ఫీల్డుల మధ్య సరిహద్దు కావచ్చు. కామా మాత్రమే ఉన్న ఒక ఫీల్డూ కావచ్చు. ఆ ముక్కను మాత్రమే చూసి తేల్చే మార్గం లేదు. అందుకని మొదట ప్రతి ముక్కలోనూ కోట్లు సరా బేసా అన్నది విడివిడిగా లెక్కించి, ఆ ఫలితాలను వరుసగా కలిపి, ఏ ముక్క ఏ స్థితిలో మొదలవుతుందో తేల్చుకుంటారు. ఆ తర్వాతే విడగొట్టడం మొదలవుతుంది.

## లైను ఎక్కడ ముగుస్తుంది

ఇప్పటిదాకా లైను ముందే చేతికి అందినట్టు అనుకున్నాం. కానీ కోట్ గుర్తుల మధ్య కొత్త లైను గుర్తు కూడా రావచ్చు. స్ప్రెడ్‌షీట్‌లో ఒకే గడిలో చిరునామాను మూడు వరుసల్లో రాస్తే, ఆ ఫీల్డు సీఎస్‌వీ ఫైలులో మూడు లైన్లుగా కనిపిస్తుంది. కనుక రికార్డు ఎక్కడ ముగుస్తుందో నిర్ణయించేది కూడా లోపల, బయట అన్న స్థితే. ఫైలును ముందుగా లైన్లుగా కోసి, తర్వాత ఒక్కో లైనునూ ఫీల్డులుగా విడగొట్టే ప్రోగ్రాం ఇక్కడ తప్పుతుంది. పై `split_line` ఆ సందర్భంలో ‘మూయని కోట్’ అని ఆగిపోతుంది. అలా ఆగినప్పుడు రెండు మార్గాలు. తర్వాతి లైనును కూడా కలిపి మళ్లీ ప్రయత్నించవచ్చు. లేదా, కొత్త లైను గుర్తును కూడా ఒక అక్షరంగా చూసి స్థితిని ముందుకు తీసుకువెళ్లవచ్చు.

పైథాన్‌లోని `csv` మాడ్యూలు రెండో దారిలో వెళ్తుంది. అందుకే ఫైలును తెరిచేటప్పుడు `newline=''` అని రాయమంటారు. లేకపోతే కోట్ లోపలి కొత్త లైను గుర్తు పాఠం మాడ్యూలుకు చేరేలోపే మారిపోవచ్చు. స్పార్క్‌లో `multiLine` అనే ఎంపిక మొదట ఆపి ఉంటుంది, ఎందుకంటే లైన్లను పలు యంత్రాలకు పంచడం అప్పుడే తేలిక. కోట్ లోపల కొత్త లైన్లు ఉన్న ఫైలును అలాగే చదివిస్తే రికార్డులు మధ్యలో విరుగుతాయి.

## నియమం తప్పిన లైన్లు

నియమబద్ధమైన లైను విషయంలో ఆర్‌ఎఫ్‌సీ 4180ను పాటించే పద్ధతులన్నీ ఏకీభవిస్తాయి. వాటి మధ్య తేడాలు నియమం తప్పిన చోటే బయటపడతాయి. హార్డ్‌వేర్ దుకాణపు సరుకుల జాబితాలో అంగుళాలను కోట్ గుర్తుతో రాస్తే ఇలాంటి లైను వస్తుంది:

```
పైపు 2",150,"రాజు, విజయవాడ"
```

ఎడమ నుంచి సరి బేసి లెక్కించే ప్రోగ్రాం ‘2’ పక్కనున్న కోట్‌ను తెరిచే కోట్ అనుకుంటుంది. దాంతో 150కి అటూ ఇటూ ఉన్న కామాలు సమాచారంలో కలిసిపోతాయి, రాజు తర్వాతి కామా దగ్గర లైను విరుగుతుంది. మూడు ఫీల్డులకు బదులు రెండు అందుతాయి, రెండూ తప్పే. ఫీల్డు ఆరంభంలో ఉన్న కోట్‌నే తెరిచే కోట్‌గా గుర్తించే నాలుగు స్థితుల పద్ధతి లోపాన్ని అక్కడే పట్టుకుంటుంది. పైథాన్ మాడ్యూలు కొంత ఉదారంగా ఆ కోట్‌ను మామూలు అక్షరంగా తీసుకుని సరైన మూడు ఫీల్డులనే ఇస్తుంది. గో భాషలోని `encoding/csv` దాన్ని లోపంగా ప్రకటిస్తుంది. నియమం ప్రకారం ఆ మొదటి ఫీల్డును `"పైపు 2"""` అని రాయాలి.

మూసిన కోట్ తర్వాత అక్షరాలు రావడం మరో రకం. `"రాజు" గారు,ఏలూరు` అన్న లైనుకు పైథాన్ మాడ్యూలు మామూలుగా `రాజు గారు`, `ఏలూరు` అనే రెండు ఫీల్డులు ఇస్తుంది. కోట్ గుర్తులు చడీచప్పుడు లేకుండా పోతాయి. `strict=True` అంటే లోపమని చెబుతుంది. గో లైబ్రరీలో `LazyQuotes` ఎంపికను పెడితే, రాజు తర్వాతి కోట్‌ను పాఠంలో భాగంగా ఉంచి ఫీల్డు ఇంకా మూయలేదని భావిస్తుంది. అప్పుడు ఏలూరు ముందున్న కామా కూడా అదే ఫీల్డులో చేరుతుంది. ఒకే లైనుకు మూడు ఫలితాలు. ఉదారంగా చదవడమంటే ఏదో ఒక ఊహను ఎంచుకోవడమే. ఆ ఊహ అన్ని లైబ్రరీల్లోనూ ఒకటి కాదు.

కామా తర్వాత ఖాళీ జాగా వదలడం చూడటానికి చిన్న విషయమే. `12, "తెనాలి, గుంటూరు"` అన్న లైనులో రెండో ఫీల్డు కోట్‌తో కాక ఖాళీ జాగాతో మొదలైంది. అందువల్ల అది కోట్ ఉన్న ఫీల్డు కాదు. పైథాన్ మాడ్యూలు దీన్ని మూడు ముక్కలు చేసి, రెండింటిలో చెరో కోట్ గుర్తునూ వదిలేస్తుంది. `skipinitialspace=True` అన్న ఎంపిక ఇలాంటి ఫైళ్ల కోసమే ఉంది.

అన్నింటికంటే ప్రమాదకరమైనది రెండు సంప్రదాయాలు కలిసిపోవడం. కొన్ని వ్యవస్థలు పాఠంలోని కోట్‌ను రెండుసార్లు రాయకుండా, దాని ముందు బ్యాక్‌స్లాష్ పెడతాయి. మైఎస్‌క్యూఎల్ ఫైలులోకి సమాచారం రాసేటప్పుడు తప్పించే గుర్తుగా బ్యాక్‌స్లాష్‌నే వాడుతుంది, స్పార్క్ చదివేటప్పుడు దాన్నే ఆశిస్తుంది. ఇప్పుడు `"D:\bills\",25` అన్న లైను ఒక సంప్రదాయంలో రెండు ఫీల్డులు. మరో సంప్రదాయంలో అసలు మూయని ఒకే ఫీల్డు. లైనును చూసి ఏది సరైనదో తేల్చలేం. ఫైలును ఏ సంప్రదాయంలో రాశారో తెలుసుకుని చదివే ప్రోగ్రాంకు చెప్పడమే మార్గం. ఆర్‌ఎఫ్‌సీ 4180 పద్ధతిలో రాసిన ఫైలును స్పార్క్‌తో చదవాలంటే `escape` ఎంపికలో కోట్ గుర్తునే ఇవ్వాలి.

## తెలుగు పాఠం, బైట్లు

ఆర్‌ఎఫ్‌సీ 4180లోని వ్యాకరణం ఆస్కీ అక్షరాలనే ప్రస్తావించింది. 2014లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7111 ప్రకారం, వేరే చెప్పనప్పుడు పాఠం యూటీఎఫ్‌-8లో ఉన్నట్టు భావించాలి. యూటీఎఫ్‌-8లో తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు. ఆ మూడింటి విలువలూ 80 హెక్స్ లేదా అంతకంటే ఎక్కువ. కామా విలువ 2C, కోట్ విలువ 22, కొత్త లైను గుర్తు విలువ 0A. ఈ చిన్న విలువలు తెలుగు అక్షరాల బైట్లలో ఎప్పుడూ రావు. కాబట్టి యూటీఎఫ్‌-8 ఫైలును అక్షరాలుగా మార్చకుండా బైట్లుగానే విడగొట్టినా తెలుగు పాఠానికి ఏ హానీ లేదు.

యూటీఎఫ్‌-16లో పరిస్థితి వేరు. అక్కడ తెలుగు అక్షరం రెండు బైట్లు: ఒకటి 0C, రెండోది ఆ అక్షరం సంఖ్యలోని చివరి భాగం. ‘బ’ సంఖ్య 0C2C, అంటే దాని ఒక బైటు సరిగ్గా కామా. ‘ఢ’ సంఖ్య 0C22, అంటే కోట్ గుర్తు. ‘ఊ’ సంఖ్య 0C0A, అంటే కొత్త లైను. అటువంటి ఫైలును బైట్లుగా చదివే ప్రోగ్రాం బాపట్లను రెండుగా కోస్తుంది, ఊరు అన్న మాట దగ్గర రికార్డును తెంచుతుంది, ఢిల్లీ దగ్గర కోట్ తెరుచుకుందనో ఫీల్డు పాడైందనో అనుకుంటుంది. ఈ మూడు అక్షరాలున్న చోట్ల మాత్రమే పట్టిక చెదిరిందంటే ఎన్‌కోడింగ్‌ను అనుమానించాలి. ముందు పాఠాన్ని అక్షరాలుగా మార్చి, ఆ తర్వాతే విడగొట్టాలి.

యూటీఎఫ్‌-8 ఫైలు మొదట్లో కొన్ని ప్రోగ్రాములు EF BB BF అనే మూడు బైట్ల గుర్తును పెడతాయి. అది తెరపై కనపడదు. అయితే మొదటి ఫీల్డు కోట్‌తో మొదలైతే, ఆ కోట్‌కు ముందు ఈ గుర్తు ఉండటం వల్ల అది ఆరంభపు కోట్‌గా లెక్కకు రాదు. మొదటి రికార్డు మాత్రమే చెడి, మిగతావన్నీ బాగుంటే కారణం తరచూ ఇదే. పైథాన్‌లో `utf-8-sig` అన్న ఎన్‌కోడింగ్‌తో తెరిస్తే ఆ గుర్తు తొలగిపోతుంది. ఇక వర్డ్ ప్రాసెసర్లు తమంతట తాము మార్చే వంపు కోట్లు “ ” వేరే అక్షరాలు. వాటి మధ్య ఉన్న కామాను ఏ సీఎస్‌వీ ప్రోగ్రామూ కాపాడదు.

## కోట్ చెప్పేది, చెప్పనిది

కోట్ గుర్తు ఫీల్డు హద్దులను చెబుతుంది, అందులోని విలువ రకాన్ని చెప్పదు. `"007"`, `007` రెండూ ఒకే ఫీల్డు. కోట్ పెట్టినంత మాత్రాన స్ప్రెడ్‌షీట్ దాన్ని పాఠంగా ఉంచి ముందున్న సున్నాలను కాపాడుతుందన్న హామీ లేదు. దీనికి ఒక మినహాయింపు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వంటి డేటాబేసుల్లో ఉంది. సీఎస్‌వీని చదివే `COPY` ఆదేశం కోట్ లేని ఖాళీ ఫీల్డును విలువ లేనిదిగా, `""` అని రాసిన దాన్ని ఖాళీ పాఠంగా తీసుకుంటుంది. అలాంటి చోటికి పంపే సమాచారాన్ని విడగొట్టేటప్పుడు, ప్రతి ఫీల్డుతో పాటు దానికి కోట్ ఉందా లేదా అన్నది కూడా దాచుకోవాలి. ఫీల్డులోని పాఠాన్ని మాత్రమే ఇచ్చే `split_line` వంటి ప్రోగ్రాంలో ఆ తేడా పోతుంది.

## రాయడం, సరిచూడటం

విడగొట్టడంలో వచ్చే చిక్కుల్లో చాలావాటికి మూలం రాసే వైపే ఉంటుంది. ఫీల్డులను కామాతో అతికించి లైను తయారుచేసే ప్రోగ్రాం, కామా ఉన్న తొలి చిరునామా వచ్చేదాకా సరిగానే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. సరైన పద్ధతిలో ప్రతి ఫీల్డునూ ముందు పరిశీలించాలి. అందులో కామా, కోట్ గుర్తు, కొత్త లైను గుర్తుల్లో ఏదైనా ఉంటే లోపలి కోట్లను రెట్టించి, ఆ తర్వాత రెండు వైపులా కోట్ పెట్టాలి. ఈ వరుస తారుమారైతే బయటి కోట్లు కూడా రెట్టింపైపోతాయి.

అందిన ఫైలు సరిగ్గా విడిందో లేదో చూడటానికి మొదటి పరీక్ష ఫీల్డుల సంఖ్య. ప్రతి రికార్డులో ఎన్ని ఫీల్డులు వచ్చాయో లెక్కించి, ఏ సంఖ్య ఎన్నిసార్లు వచ్చిందో పట్టిక వేయాలి. దాదాపు అన్నింటిలో ఐదు ఉండి, కొన్నింటిలో ఆరో ఏడో ఉంటే కోట్ లేని కామాలు ఉన్నట్టు. కొన్నింటిలో తక్కువ ఉంటే కోట్ తెరుచుకుని కామాలను మింగినట్టు, లేదా రికార్డు మధ్యలో తెగినట్టు. మొత్తం రికార్డులు ఊహించిన దానికంటే బాగా తగ్గి, ఒక ఫీల్డు మాత్రం వేల అక్షరాల పొడవు ఉంటే, ఎక్కడో మూయని కోట్ తర్వాతి లైన్లన్నింటినీ తనలో కలుపుకొంది. పైథాన్ మాడ్యూలు ఒక ఫీల్డుకు 1,31,072 అక్షరాల పరిమితి పెడుతుంది. అది దాటి లోపం వచ్చినప్పుడు పరిమితిని పెంచే ముందు, ఆ ఫీల్డు ఎక్కడ మొదలైందో వెతకడం మంచిది. తప్పు కోట్ ఉండేది అక్కడే. లోపం బయటపడిన చోట కాదు.

సంఖ్య సరిపోయినంత మాత్రాన విభజన సరైనదని కాదు. ఒక చోట కామా ఎక్కువై మరోచోట మింగబడితే లెక్క కుదురుతుంది, విలువలు మాత్రం పక్క గడుల్లోకి జరుగుతాయి. అందువల్ల అంకె ఉండాల్సిన గడిలో అంకే ఉందా, పిన్‌కోడ్ గడిలో ఆరు అంకెలే ఉన్నాయా అన్నది కూడా చూడాలి. చదివే, రాసే ప్రోగ్రాములు రెండూ చేతిలో ఉంటే, కామా, కోట్, కొత్త లైను, ఖాళీ ఫీల్డు ఉన్న రికార్డులను రాసి, మళ్లీ చదివి, రెండూ ఒకటేనా అని పోల్చవచ్చు. ఈ పరీక్ష ఆ రెండు ప్రోగ్రాములూ ఒకే నియమాన్ని పాటిస్తున్నాయని మాత్రమే రుజువు చేస్తుంది. వేరొకరు రాసిన ఫైలు ఆ నియమాన్ని పాటించిందా అన్నది ఫీల్డుల లెక్కతో, గడుల్లోని విలువలతో విడిగా తేల్చుకోవాలి.